మిల్క్ థిసిల్, ఇతర కాలేయ టానిక్కులు

మిల్క్ థిసిల్ మధ్యధరా సముద్ర తీరాల్లో పుట్టిన ముళ్ళ మొక్క. శాస్త్రనామం సిలిబమ్ మరియానమ్. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది. పువ్వు ఊదా రంగులో ఉంటుంది, ఆకుల ఈనెల వెంట తెల్లని చారలు కనిపిస్తాయి. మందుకు పనికివచ్చేది గింజ. దాని నుంచి తీసిన సారాన్ని సిలిమారిన్ అంటారు. సిలిమారిన్ ఒకే పదార్థం కాదు, దగ్గరి చుట్టరికం ఉన్న కొన్ని రసాయనాల కలయిక. వాటిలో ముఖ్యమైనది సిలిబిన్. 1960ల చివర్లో మ్యూనిక్‌లో ఈ రసాయనాలను వేరు చేశారు. ఆ తర్వాత జర్మనీలో మడౌస్ కంపెనీ ‘లెగలాన్’ పేరుతో దీన్ని మందుగా అమ్మింది. మన దేశంలో ఇది ఆయుర్వేద గ్రంథాల నుంచి వచ్చింది కాదు, యూరప్ నుంచి వచ్చింది. మందుల షాపుల్లో 70, 140 మిల్లీగ్రాముల బిళ్ళలుగా దొరుకుతుంది. విడిగానూ, నేల ఉసిరి, పసుపు, కటుకరోహిణి వంటి వాటితో కలిపిన సీసాల్లోనూ ఉంటుంది.

కాలేయానికి ‘టానిక్’ అని అమ్మేవాటి చిట్టా చాలా పెద్దది. ఈ వ్యాసం సిలిమారిన్‌ను కేంద్రంగా తీసుకుని, తెలుగువారి ఇళ్ళలో ఎక్కువగా కనిపించే మరికొన్నింటిని పరిశీలిస్తుంది. అన్నింటికీ వర్తించే ఒక విషయం ముందే చెప్పుకోవాలి. ‘కాలేయానికి మంచిదా?’ అనే ప్రశ్నకు జవాబు లేదు. కొవ్వు పేరుకున్న కాలేయం, వైరస్ సోకిన కాలేయం, గట్టిపడి ముడుచుకుపోయిన కాలేయం, మరొకరి నుంచి తెచ్చి అమర్చిన కాలేయం ఒకటి కావు. ఒకదానికి వృథా ఖర్చుతో పోయేది ఇంకొకదానికి ప్రాణం మీదికి తేవచ్చు.

ఎస్‌జీపీటీ చెప్పేది, చెప్పనిది

టానిక్ పనిచేసిందని చెప్పేవారు చూపించే రుజువు దాదాపు ఎప్పుడూ ఎస్‌జీపీటీ రిపోర్టే. ఇది కాలేయ కణాల్లో ఉండే ఎంజైము. కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. అంటే ఆ అంకె కణాలు ఇప్పుడు ఎంత వేగంగా దెబ్బతింటున్నాయో చెబుతుంది. కాలేయం ఎంత మిగిలి ఉందో చెప్పదు. సిర్రోసిస్ ముదిరినవారిలో కారడానికి కణాలే తగ్గిపోయి ఎస్‌జీపీటీ మామూలుగా కనిపించవచ్చు. కాలేయం పని ఎలా చేస్తోందో తెలియాలంటే బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగాన్ని కొలిచే ఐఎన్ఆర్ చూడాలి. పైగా ఫ్యాటీ లివర్‌లో ఎస్‌జీపీటీ దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అంకె బాగా ఎక్కువగా వచ్చిన రోజున మందు మొదలుపెడతాం కాబట్టి, ఏమీ వాడకపోయినా తర్వాతి పరీక్షలో అది కొంత తగ్గి కనిపించే అవకాశం ఉంది. మందు ప్రభావాన్ని ఈ తగ్గుదల నుంచి విడదీయడానికే పరీక్షలలో సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ ఇస్తారు.

సిలిమారిన్ మీద జరిగిన పరీక్షలు

ప్రయోగశాలలో సిలిమారిన్ గుణాలు ఆశ పెట్టేలాగే ఉంటాయి. కణాలను ఆక్సీకరణ నుంచి కాపాడుతుంది, వాపును తగ్గిస్తుంది. చిక్కు మన శరీరంలో మొదలవుతుంది. ఇది నీటిలో సరిగా కరగదు, పేగుల నుంచి కొద్దిగానే రక్తంలోకి చేరుతుంది, చేరినదాన్ని కాలేయమే త్వరగా మార్చి పైత్యరసంలోకి పంపేస్తుంది. అందువల్ల గాజు పళ్ళెంలో పనిచేసిన మోతాదు బిళ్ళ మింగిన మనిషి రక్తంలో కనిపించదు.

1989లో వియన్నా వైద్యులు ప్రచురించిన పరీక్ష ఈ మందుకు అతి పెద్ద బలం. సిర్రోసిస్ ఉన్న 170 మందిలో కొందరికి రోజుకు 420 మిల్లీగ్రాముల సిలిమారిన్, మిగతావారికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. నాలుగేళ్ళకు మందు వాడినవారిలో 58 శాతం, వాడనివారిలో 39 శాతం బతికి ఉన్నారు. లాభం ఎక్కువగా మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చినవారిలో, అదీ వ్యాధి ఇంకా ముదరనివారిలో కనిపించింది. ఇప్పటికీ ప్రచార పత్రాల్లో వినిపించేది ఈ పరీక్షే. 1998లో బార్సిలోనా వైద్యులు మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చిన 200 మందిని తీసుకున్నారు. మోతాదు దాదాపు అంతే, రోజుకు 450 మిల్లీగ్రాములు. రెండేళ్ళ పాటు గమనించారు. బతికినవారి సంఖ్యలో తేడా రాలేదు. ఆ తర్వాత కోక్రేన్ సమీక్షకులు మద్యం, హెపటైటిస్ బి, సి వల్ల కాలేయం దెబ్బతిన్నవారిపై జరిగిన పరీక్షలన్నీ కలిపి చూశారు. పకడ్బందీగా జరిగిన పరీక్షలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మరణాలు తగ్గాయనడానికి ఆధారం మిగల్లేదు. వియన్నా ఫలితం అబద్ధమని దీనర్థం కాదు. ఇలాంటి వ్యాధిలో ఎవరు మద్యం మానేశారు, ఎవరు మానలేదు అన్న ఒక్క తేడా మందు ప్రభావాన్ని మింగేయగలదు. ఒక పరీక్షలో కనిపించిన లాభం రెండోసారి కనిపించనప్పుడు దాని మీద చికిత్సను నిలబెట్టలేం.

హెపటైటిస్ సి కథ మరింత స్పష్టంగా తేలింది. 2012లో అమెరికాలో ప్రచురితమైన పరీక్షలో, ఇంటర్‌ఫెరాన్‌తో నయం కాని 154 మందికి మామూలుకన్నా చాలా ఎక్కువ మోతాదులు ఇచ్చారు. కొందరికి పూటకు 420, కొందరికి 700 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు పూటలు, 24 వారాల పాటు. ఎస్‌జీపీటీ అనుకున్నంత తగ్గినవారు ఉత్తుత్తి బిళ్ళ వాడినవారితో సహా ప్రతి గుంపులోనూ ఇద్దరేసి. వైరస్ కూడా తగ్గలేదు. సరిగ్గా ఆ కాలంలోనే అసలు మందు వచ్చింది. సోఫోస్బువిర్‌ను ఇతర మందులతో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2015 నుంచి దాని చవక రూపాలను తయారుచేసినవాటిలో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో ఉన్నాయి. కాబట్టి హెపటైటిస్ సి ఉన్నవారు ఈ రోజున టానిక్కుతో కాలం వెళ్ళబుచ్చడానికి ఎలాంటి కారణమూ లేదు.

ఫ్యాటీ లివర్‌లో మాత్రం తలుపు పూర్తిగా మూసుకోలేదు. 2017లో మలేసియాలో 99 మంది మీద జరిగిన పరీక్షలో 48 వారాల తర్వాత కాలేయం నుంచి ముక్క తీసి చూశారు. ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అయితే కాలేయంలో మచ్చ కట్టడం మందు వాడినవారిలో ఎక్కువమందికి తగ్గింది: వారిలో 22 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వాడినవారిలో 6 శాతం. ఇది పెద్ద పరీక్షకు దారి చూపే సూచన, చికిత్సకు ఆమోదముద్ర కాదు. వాళ్ళు వాడింది పూటకు 700 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 2,100. షాపులో అమ్మే 140 బిళ్ళ రోజుకు రెండు వేసుకునేవారు ఈ పరీక్షను తమకు అన్వయించుకోలేరు.

ఒక్కచోట మాత్రం వైద్యులు దీన్ని అత్యవసర మందుగా అందుకుంటారు. యూరప్‌లో డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు తిన్నవారికి సిలిబిన్‌ను నీటిలో కరిగే రూపంలోకి మార్చి నరం ద్వారా ఎక్కిస్తారు. రోజుకు శరీర బరువులో ఒక్కో కిలోకు 20 మిల్లీగ్రాములు. ఆ విషం కాలేయ కణంలోకి వెళ్ళే దారిని అది అడ్డుకుంటుంది. ఇక్కడ కూడా ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్షలు లేవు, రోగుల రికార్డుల ఆధారంగానే వాడుతున్నారు. ఈ ఇంజక్షన్ పేరు చెప్పి బిళ్ళలు అమ్మడం మాత్రం సరికాదు.

నష్టం సంగతికి వస్తే సిలిమారిన్ చాలా వరకు మెతక మందు. కొందరికి విరేచనాలు, కడుపు ఉబ్బరం వస్తాయి. చామంతి జాతి మొక్కలు పడనివారికి దద్దుర్లు రావచ్చు. చక్కెర కొద్దిగా తగ్గించవచ్చు కాబట్టి మధుమేహానికి మందులు వాడేవారు గమనించుకోవాలి. అసలు బెంగ సీసాలో దానితో పాటు ఏముందన్నదే. 2015లో చెక్ శాస్త్రవేత్తలు మూలికా సప్లిమెంట్లను పరీక్షించినప్పుడు బూజు విషాలు అత్యధికంగా దొరికింది మిల్క్ థిసిల్ సరుకులోనే. కాలేయం బాగుపడాలని మింగే బిళ్ళలో కాలేయానికే పడని పదార్థం ఉండటం విచిత్రమే అయినా, గింజను తడిగా నిల్వ చేస్తే జరిగేది అదే.

నేల ఉసిరి, కామెర్ల పసరు

తెలుగు పల్లెల్లో కామెర్లు అనగానే గుర్తొచ్చేది పసరు. చాలాచోట్ల అందులో ఉండేది నేల ఉసిరి, కొన్నిచోట్ల గుంటగలగర. మూడు రోజులో, అయిదు రోజులో పరగడుపున తాగించి, ఉప్పూ కారం లేని చప్పిడి పథ్యం పెడతారు. చాలామందికి తగ్గుతుంది కూడా. తగ్గే కారణం పసరులో వెతకనక్కర్లేదు. మన దగ్గర పెద్ద సంఖ్యలో కామెర్లు కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. ఆరోగ్యవంతుల్లో ఇవి కొన్ని వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి. మనిషి పసరు కోసం వెళ్ళేది కళ్ళు పచ్చబడ్డాకే. అప్పటికే శరీరం వైరస్‌ను అదుపులోకి తెచ్చుకుంటూ ఉంటుంది. పేరు పసరుకు దక్కుతుంది.

నేల ఉసిరిని కొట్టిపారేయడం కూడా తొందరే. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం ‘లాన్సెట్’ పత్రికలో ఒక సంచలన ఫలితం ప్రకటించింది. హెపటైటిస్ బి మోస్తున్నవారికి నెల రోజులు ఈ మొక్క పొడిని ఇచ్చారు. వారిలో 37 మందికి గాను 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటీజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ వ్యాస రచయితల్లో హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ కూడా ఉన్నారు. ఆ యాంటీజెన్ ఏడాదికి నూటికి ఒకరికి పోవడమే అరుదు కాబట్టి ప్రపంచమంతా ఆ మొక్క వైపు చూసింది. తర్వాత థాయిలాండ్‌లోను, ఇంకా కొన్నిచోట్లను చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. 2011 నాటి కోక్రేన్ సమీక్ష కూడా నమ్మదగిన ఆధారం లేదనే చెప్పింది.

పసరు వల్ల జరిగే పెద్ద నష్టం మొక్క చేసేది కాదు, ఆలస్యం చేసేది. నిండు నెలల గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే అయిదుగురిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉంది. ఆమెకు పసరు కోసం ఒక్క రోజు కూడా వెచ్చించకూడదు. హెపటైటిస్ బి కి టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ వాడుతున్నవారు ‘వేడి చేసే మందులు వద్దు’ అన్న మాట విని వాటిని ఆపేస్తే, అణగి ఉన్న వైరస్ కొన్ని వారాల్లో లేదా నెలల్లో విరుచుకుపడి కాలేయం విఫలం కావచ్చు. చప్పిడి పథ్యం కూడా అందరికీ ఒకటి కాదు. సిర్రోసిస్ ఉన్నవారికి రోజుకు ఒక్కో కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి గంజి మీద ఉంచితే వారి కండ కరిగిపోతుంది. పొట్టలో నీరు చేరినవారు ఉప్పు తగ్గించడం మాత్రం నిజంగానే అవసరం.

లివ్.52 గురించి కొంత

1955 నుంచి అమ్ముడవుతున్న లివ్.52 పేరు తెలియని ఇల్లు మన దగ్గర అరుదు. పిల్లలకు ఆకలి వేయాలని, పెద్దలకు మద్యం దోషం పోవాలని వాడుతుంటారు. మద్యం వల్ల కాలేయం చెడినవారి మీద శ్రీలంకలో ఆరు నెలల పాటు జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో ఉత్తుత్తి మందుకన్నా మేలేమీ కనిపించలేదు. అంతకుముందు యూరప్‌లో మద్యపు సిర్రోసిస్ రోగులపై చేసిన మరో పరీక్షలో, వ్యాధి బాగా ముదిరినవారిలో మందు వాడినవాళ్ళే ఎక్కువగా చనిపోయారు. ముదిరిన సిర్రోసిస్‌లో ఏ టానిక్కూ ‘వాడితే పోయేదేముంది’ అనుకుని వాడదగింది కాదనడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

తిప్పతీగ, పసుపు బిళ్ళలు

కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా కాగింది. 2020 చివరి నెలల్లో ముంబైలో ఆరుగురు కామెర్లతో ఆసుపత్రికి వచ్చారు. అందరూ తిప్పతీగ వాడినవారే. వైద్యులు 2021లో ఆ వివరాలు ప్రచురించగా, మొక్కను సరిగా గుర్తించలేదేమో, దానిని పోలిన మరో జాతి కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మరుసటి ఏడాది హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యుడు ముఖ్య రచయితగా, దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలు వెలువడ్డాయి. వాటిలో కనిపించిన తీరు ముంబై నమూనానే పోలి ఉంది. చాలామందిలో శరీర రక్షణ వ్యవస్థ తన కాలేయం మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లక్షణాలు కనిపించాయి. తిప్పతీగకు ఉన్న పేరు రోగనిరోధక శక్తిని రేపుతుందనే కదా. ఆ రేపడమే, అలాంటి ధోరణి లోపల నిద్రాణంగా ఉన్నవారికి నిప్పు అంటించినట్టవుతుంది. థైరాయిడ్, కీళ్ళవాతం వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవారు, కాలేయ మార్పిడి చేయించుకున్నవారు దీనికి దూరంగా ఉండాలి. మార్పిడి జరిగినవారు టాక్రోలిమస్ మింగేది రోగనిరోధక వ్యవస్థను అణచి ఉంచడానికే.

కూరలో వేసే పసుపు వేరు, బిళ్ళలో ఉండే పసుపు వేరు. కుర్‌కుమిన్ పేగు నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో బెంగళూరు పరిశోధకులు దానికి మిరియాల్లోని పైపెరిన్ కలిపితే మనుషుల్లో అది ఇరవై రెట్లు ఎక్కువగా అందుతుందని చూపారు. ఇప్పుడు చాలా కంపెనీలు ఆ కలయికనే అమ్ముతున్నాయి. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నవారిని నమోదు చేసే వైద్య బృందం 2022లో పసుపు సప్లిమెంట్ల వల్ల జరిగిన పది ఘటనలను వివరించింది. పది మందిలో ఏడుగురికి ఒకే జన్యు గుర్తు ఉంది. అంటే ఇది అందరికీ వచ్చే ముప్పు కాదు, కొందరి శరీర తత్వంలో ఉన్న ముప్పు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే మామూలు పరీక్ష లేదు. అశ్వగంధ, గ్రీన్ టీ సారం బిళ్ళలతోనూ ఇలాంటి ఘటనలు నమోదయ్యాయి.

ఒక ఉదాహరణ

ఈ చిక్కులన్నీ ఒకచోట ఎలా కలుస్తాయో చూడటానికి ఒక ఊహా రోగిని తీసుకుందాం. ఆమెకు 48 ఏళ్ళు. ఫ్యాటీ లివర్, హైపోథైరాయిడ్ ఉన్నాయి. ఎస్‌జీపీటీ 70. పక్కింటావిడ చెప్పిందని సిలిమారిన్, పసుపు, పైపెరిన్, తిప్పతీగ కలిసిన బిళ్ళలు మొదలుపెట్టింది. ఆరో వారంలో ఆకలి పోయింది, ఒంట్లో నీరసం, మూత్రం ముదురు పసుపు. ‘విషాలు బయటికి పోతున్నాయి, కొనసాగించండి’ అన్నారు అమ్మినవారు. మరో వారానికి కళ్ళు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ 960, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 132, బిలిరుబిన్ 5.8.

వైద్యుడు ముందు వేసే లెక్క ఇది. ఎస్‌జీపీటీ సాధారణ గరిష్ఠం 40 అనుకుంటే ఆమెది 24 రెట్లు. ఫాస్ఫటేజ్ గరిష్ఠం 120 అనుకుంటే 1.1 రెట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 22. అయిదు దాటితే దెబ్బ కాలేయ కణాలకు తగిలిందని, రెండుకన్నా తక్కువైతే పైత్యరసపు దారికి అడ్డు పడిందని అర్థం. ఆమెది స్పష్టంగా మొదటి రకం. ఎస్‌జీపీటీ మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు మించి కలిసి పెరిగి, అందుకు మందే కారణమైతే, పదిమందిలో ఒకరికి ప్రాణాపాయమో కాలేయ మార్పిడి అవసరమో రావచ్చని పాత అనుభవం. అందుకే ఆమెను ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో ఉంచి ఐఎన్ఆర్ రోజూ చూస్తారు. ఐఎన్ఆర్ 1.5కు చేరి మాట తడబడటం, పగలు నిద్రమత్తు మొదలైతే అది కాలేయ వైఫల్యం. అప్పుడు మార్పిడి సదుపాయం ఉన్న చోటికి తరలించాలి.

అన్ని బిళ్ళలూ ఆపేసి, హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలు చేస్తారు. ఇక్కడ ఇ పరీక్ష మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. వైరస్‌ను మూలిక ఖాతాలో రాసేస్తారు. అల్ట్రాసౌండ్‌లో రాళ్ళు లేవని తేలాలి. ఆటోఇమ్యూన్ ధోరణిని సూచించే ఏఎన్ఏ, ఐజీజీ పెరిగి ఉంటే కాలేయం నుంచి ముక్క తీసి చూసి, అవసరమైతే స్టెరాయిడ్ ఇస్తారు. మూలికే కారణమైతే ఆపాక ఎస్‌జీపీటీ వారాల్లో సగానికి దిగుతుంది, బిలిరుబిన్ తగ్గడానికి ఇంకొంత కాలం పడుతుంది. స్టెరాయిడ్ ఆపాక కూడా జబ్బు తిరిగి రాకపోతే మందు వల్ల వచ్చిందని, తిరిగి వస్తే అసలు ఆటోఇమ్యూన్ హెపటైటిసే బయటపడిందని నిర్ణయిస్తారు. అనుమానం తీర్చుకోవడానికి అదే బిళ్ళ మళ్ళీ వేసి చూడటం ఎప్పుడూ చేయకూడదు. రెండోసారి దెబ్బ మొదటిదానికన్నా త్వరగా, బలంగా తగులుతుంది.

వైద్యుడి దగ్గరికి సీసానే తీసుకెళ్ళాలి. పేరు చెబితే సరిపోదు, బ్యాచ్ నంబరు, మిగిలిన బిళ్ళలు కావాలి. 2008లో ఇంటర్‌నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షిస్తే అయిదింటిలో ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. న్యూట్రాస్యూటికల్ కింద అమ్మేవాటి మీద వైద్యానికి వాడేది కాదని రాయాలన్నది మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆ మాట సాధారణంగా సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.